నెలంతా కట్టించే ఒక్క అరగంట: చిన్న ఫ్యాక్టరీ బిల్లులో కేవీఏ డిమాండ్ ఛార్జీ

తాడిపత్రి చుట్టుపక్కల గ్రానైట్ షెడ్లలో కరెంటు బిల్లు రాగానే అందరి చూపూ ముందు యూనిట్ల మీదికే పోతుంది. ఆర్డర్లు లేక పది రోజులు కట్టర్లు ఆపేసిన నెలలో యూనిట్లు బాగా తగ్గుతాయి. కానీ బిల్లు ఆ లెక్కన తగ్గదు. యూనిట్ల కింద, మిషన్లు తిరిగినా తిరగకపోయినా దాదాపు ఒకేలా ఉండే ఇంకో లైను ఉంటుంది. అదే డిమాండ్ ఛార్జీ. దాన్ని కొలిచేది కేవీఏలో. మిషన్లు నెలంతా ఎంత వాడాయన్నది దీనికి పట్టదు, ఒకేసారి ఎంత గుంజాయన్నదే పడుతుంది.

ఇక్కడ చెప్పుకునేది 11 కేవీ హెచ్‌టీ, అంటే హై టెన్షన్ కనెక్షన్ ఉన్న చిన్న యూనిట్ గురించి. ఎల్‌టీ, అంటే లో టెన్షన్ కనెక్షన్ల లెక్క వేరు. అనంతపురం, కర్నూలు, కడప మూడూ విద్యుత్ పంపిణీ సంస్థ ఎస్పీడీసీఎల్ కిందకే వస్తాయి. ఈమధ్య టారిఫ్ ఆర్డర్లలో హెచ్‌టీ సాధారణ పరిశ్రమలకు డిమాండ్ ఛార్జీ నెలకు కేవీఏకి 475 రూపాయలు, 11 కేవీ దగ్గర యూనిట్ మూల ధర 6 రూపాయల 30 పైసలు. కింది లెక్కలన్నీ ఈ రేట్లతోనే వేశాం. మీ బిల్లు మీద వేరే అంకె ఉంటే అదే పెట్టి లెక్క వేసుకోవాలి.

ముందు మీటరు ఏం చేస్తుందో చూద్దాం. మాగ్జిమమ్ డిమాండ్ అంటే ఒక్క క్షణంలో ఎగిరిన కరెంటు అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. మన టారిఫ్ షరతుల్లో చాలా ఏళ్లుగా ఉన్న లెక్క ప్రకారం, 4000 కేవీఏ వరకు కాంట్రాక్ట్ ఉన్న కనెక్షన్‌కి మీటరు వరసగా 30 నిమిషాల్లో ఎన్ని కేవీఏహెచ్ యూనిట్లు వెళ్లాయో చూసి, ఆ అంకెని రెండుతో గుణిస్తుంది. ఒక అరగంటలో 116 యూనిట్లు వెళితే ఆ అరగంట డిమాండ్ 232 కేవీఏ. 30 రోజుల నెలలో అలాంటి అరగంటలు 1440 ఉంటాయి. వాటిలో అన్నిటికన్నా పెద్దదాన్ని మీటరు గుర్తు పెట్టుకుంటుంది. మిగతా 1439 అరగంటలు ఎంత తక్కువగా నడిచినా డిమాండ్ లైనుకి అక్కర లేదు.

ఇది సగటు అన్న సంగతి మనసులో పెట్టుకుంటే ఒక పెద్ద అపోహ తీరుతుంది. మోటారు స్టార్ట్ చేసినప్పుడు ఆరు రెట్లు కరెంటు లాగుతుంది కాబట్టి డిమాండ్ పెరిగేది అప్పుడేనని, సాఫ్ట్ స్టార్టర్ పెడితే బిల్లు తగ్గుతుందని చెప్పి అమ్మేవాళ్లున్నారు. లెక్క వేసి చూద్దాం. 75 హెచ్‌పీ మోటారు నిండు లోడులో సుమారు 65 కేవీఏ తీసుకుంటుంది. దాన్ని నేరుగా స్టార్ట్ చేస్తే, ఆరు రెట్ల చొప్పున 390 కేవీఏ, 8 సెకన్ల పాటు అనుకుందాం. అరగంటకి 1800 సెకన్లు. ఆ 8 సెకన్ల అదనపు కరెంటుని 1800 సెకన్ల మీద పంచితే అరగంట సగటుకి కలిసేది ఒకటిన్నర కేవీఏ కూడా కాదు. స్టార్ డెల్టా ఉంటే ఇంకా తక్కువ. సాఫ్ట్ స్టార్టర్ వల్ల బెల్టుకి, గేరుబాక్సుకి, మోటారుకి మేలు ఉంది. డిమాండ్ తగ్గించడానికని మాత్రం దాన్ని కొనకూడదు. డిమాండ్‌ని పెంచేది ఒకేసారి పది, ఇరవై, ముప్పై నిమిషాలు కలిసి తిరిగే మిషన్లు.

రెండో సంగతి బిల్లింగ్ డిమాండ్. మీటర్లో వచ్చిన అంకె ఒకటి, అగ్రిమెంట్‌లో రాసుకున్న కాంట్రాక్ట్ డిమాండ్‌లో, అంటే సీఎండీలో, 80 శాతం ఇంకొకటి. ఈ రెంటిలో ఏది ఎక్కువైతే దానికి ఛార్జీ వేస్తారు. సీఎండీ 250 అయితే షెడ్డుకి తాళం వేసి ఊరెళ్లినా 200 కేవీఏకి, అంటే 95,000 రూపాయలు కట్టాల్సిందే. అటువైపు మీటరు అంకె సీఎండీని దాటితే, దాటిన కేవీఏకి మామూలు రేటు కాకుండా పెంచిన రేటు పడుతుంది. కింద నేల, పైన కప్పు ఉన్న గది లాంటిది ఇది. డిమాండ్ తగ్గించే పనంతా ఈ రెంటి మధ్య జరగాలి. నేల కిందికి తగ్గించిన దానికి రూపాయి కూడా రాదు. ఈ ఒక్క సంగతి తెలియక కష్టపడి మిషన్లు సర్దుకుని, బిల్లులో తేడా లేక విసిగిపోయి వదిలేసే యూనిట్లే ఎక్కువ.

ఒక నమూనా యూనిట్ తీసుకుని లెక్క మొత్తం చేద్దాం. సీఎండీ 250 కేవీఏ. రెండు బ్లాక్ కట్టర్లు పనిలో ఉన్నప్పుడు ఒక్కొక్కటి 45 కిలోవాట్ల చొప్పున 90. లైన్ పాలిష్ మిషన్ 70. కంప్రెసర్ 22. బోరు మోటారు, స్లర్రీ పంపు, ఎడ్జ్ కట్టర్, లైట్లు కలిపి 13. అన్నీ కలిసి తిరిగిన అరగంటలో 195 కిలోవాట్లు. పవర్ ఫ్యాక్టర్, అంటే లైను నుంచి తీసుకున్న కేవీఏలో నిజంగా పనికి వచ్చే కిలోవాట్ల వంతు, 0.84. కేవీఏకి సూత్రం ఇది:

```
kVA = kW / PF
195 / 0.84 = 232
```

బిల్లింగ్ డిమాండ్ 232, ఛార్జీ 1,10,200 రూపాయలు. ఇక్కడ తగ్గించడానికి రెండు దారులు కనిపిస్తాయి. గీత కింద ఉన్న పవర్ ఫ్యాక్టర్ పెంచాలి, లేదా గీత పైన ఉన్న కిలోవాట్లు తగ్గించాలి. పవర్ ఫ్యాక్టర్‌తోనే మొదలుపెట్టాలి. ఎందుకంటే దాంతో ఏ మిషనూ ఆపనక్కర లేదు, పనివాళ్లకి కొత్త నియమాలేవీ చెప్పనక్కర లేదు.

0.84ని 0.97కి తెస్తే అదే 195 కిలోవాట్లకి 201 కేవీఏ చాలు. 31 కేవీఏ తగ్గింది, నెలకి 14,725 రూపాయలు. దీనికన్నా పెద్ద లాభం పక్క లైనులో ఉంది. హెచ్‌టీలో యూనిట్లు కూడా కేవీఏహెచ్‌లోనే లెక్కిస్తారు కాబట్టి అసలు వాడకం మారకపోయినా యూనిట్లు తగ్గుతాయి. నెలకి 35,000 కిలోవాట్ అవర్ వాడి, నెల సగటు పవర్ ఫ్యాక్టర్ 0.86 ఉంటే బిల్లులో దాదాపు 40,700 యూనిట్లు పడతాయి. 0.97 అయితే 36,100 కిందే. ఆ 4,600 యూనిట్ల మీద మిగిలేది సుమారు 29,000 రూపాయలు.

మోటార్లు అయస్కాంత క్షేత్రం కోసం లాగే, పనిగా మారని లోడుని కేవీఏఆర్‌లో కొలుస్తారు. కెపాసిటర్లు దాన్ని షెడ్డులోనే ఇస్తాయి, లైను నుంచి లాగే అవసరం తగ్గుతుంది. దీనికి కావాల్సింది సుమారు 77 కేవీఏఆర్ అదనపు కెపాసిటర్లు. కానీ కొత్త ప్యానెల్ కొనేముందు ఉన్న ప్యానెల్ తలుపు తీసి చూడాలి. చాలా షెడ్లలో కెపాసిటర్లు లేక కాదు, ఉన్నవి చచ్చిపోయి పవర్ ఫ్యాక్టర్ పడిపోతుంది. మన నమూనా యూనిట్లో 10 కేవీఏఆర్‌వి పన్నెండు ఉన్నాయనుకుందాం. లేబుళ్లన్నీ కలిపితే 120. పనిచేసేది మాత్రం 20. ఏప్రిల్, మే ఎండకి రేకుల షెడ్డులో, ఫ్యాన్ తిరగని ప్యానెల్ లోపల కెపాసిటర్ ఎక్కువ కాలం బతకదు. అది చచ్చిపోయినా ఏ మిషనూ ఆగదు, లైటూ ఆరదు. అందుకే నెలల తరబడి ఎవరికీ తెలియదు.

తెలుసుకునే పద్ధతి సులువు. ఎలక్ట్రీషియన్ చేతిలో ఉండే టాంగ్ టెస్టర్ చాలు. 440 వోల్టుల లేబుల్ ఉన్న 10 కేవీఏఆర్ కెపాసిటర్, 415 వోల్టుల లైను మీద నిజంగా ఇచ్చేది 8.9 కేవీఏఆర్ మాత్రమే. అప్పుడు ఒక్కో ఫేజులో సుమారు 12.4 ఆంపియర్లు లాగాలి. ఒక్కొక్క కెపాసిటర్నీ ఆన్ చేసి మూడు వైర్లకీ టాంగ్ వేయాలి. మూడింట్లో 12 చూపిస్తే మంచిది. ఒక ఫేజులో 12, ఇంకో రెంట్లో 7 ఉంటే లోపల ఒక భాగం పోయినట్టు. మూడింటిలోనూ సున్నా అయితే ముందు ఫ్యూజు, ఆ తర్వాత కాంటాక్టర్ చూడాలి. కాంటాక్టర్ పాయింట్లు కాలిపోయి, కెపాసిటర్ మాత్రం బాగానే ఉండే సందర్భాలు చాలా. ఈ పని చేసేటప్పుడు ఒక జాగ్రత్త: ఆఫ్ చేసిన కెపాసిటర్లో కరెంటు నిలవ ఉంటుంది. డిశ్చార్జ్ అయ్యేదాకా ఆగి, టెర్మినల్ దగ్గర వోల్టేజీ చూసుకున్నాకే చేయి పెట్టాలి. పై లెక్క ప్రకారం పన్నెండూ బతికితే 107 కేవీఏఆర్ వస్తుంది. పనిచేస్తున్న 20, అదనంగా 77 కలిపి మనకి మొత్తం కావాల్సింది 97. అంటే కొత్త ప్యానెల్ ఖర్చు లేకుండా, పోయిన కెపాసిటర్లు, కాంటాక్టర్లు మార్చితే సరిపోతుంది.

ఇంకో చిక్కు కూడా తరచూ కనిపిస్తుంది. ఆటోమేటిక్ ప్యానెల్ మీద డిస్‌ప్లే 0.99 చూపిస్తుంది, బిల్లు లెక్కేస్తే 0.88 వస్తుంది. ప్యానెల్ అబద్ధం చెప్పడం లేదు, దానికి కనిపించే లోడు వేరు. దాని సీటీ, అంటే కరెంటుని కొలిచే కాయిల్, మెయిన్ ఇన్‌కమర్ మీద ఉండాలి, అప్పుడే మొత్తం షెడ్డు లోడూ దానికి తెలుస్తుంది. ఎప్పుడో కొత్త లైన్ పాలిష్ మిషన్ పెట్టినప్పుడు దాని కేబుల్ని సీటీకి ముందే కలిపేసి ఉంటే, ఆ 70 కిలోవాట్లు ప్యానెల్ లెక్కలో లేనట్టే. మీటరు 11 కేవీ వైపు ఉంటుంది కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ సొంతంగా తీసుకునేది కూడా బిల్లులోకి వస్తుంది. అది రాత్రంతా, మిషన్లు ఆగినా ఉంటుంది. దాని కోసం ట్రాన్స్‌ఫార్మర్ ఎల్‌టీ వైపు చిన్న కెపాసిటర్ ఒకటి శాశ్వతంగా కలిపి ఉంచుతారు. అలాగని పెద్ద బ్యాంకుని రాత్రంతా ఆన్‌లో వదిలేస్తే వోల్టేజీ పెరుగుతుంది, మీటరు సెట్టింగుని బట్టి లీడింగ్ వైపు కూడా కేవీఏ లెక్క పడవచ్చు. కట్టర్లకి మోటారు వేగం మార్చే డ్రైవ్ పెట్టి ఉంటే మామూలు కెపాసిటర్లు హార్మోనిక్స్ వల్ల వేడెక్కి త్వరగా పోతాయి. అక్కడ 7 శాతం రియాక్టర్‌తో వచ్చేవి వాడాలి, వాటికి తగ్గ ఎక్కువ వోల్టేజీ కెపాసిటర్లు పెట్టాలి.

ఇప్పుడు గీత పైన ఉన్న కిలోవాట్ల సంగతి. ముందు ఆ ఒక్క అరగంట ఎప్పుడొచ్చిందో పట్టుకోవాలి. హెచ్‌టీ మీటరు బటన్ నొక్కుతూ పోతే `MD kVA` దగ్గర అంకె, దాని పక్కనే తేదీ, టైము కనిపిస్తాయి. అంతకన్నా మేలైనది లోడ్ సర్వే రిపోర్టు. మీటరు ప్రతి బ్లాకుకీ లోడుని నిలవ చేస్తుంది. రీడింగ్ తీసేటప్పుడు డౌన్‌లోడ్ అయ్యే ఆ డేటా కాపీ కోసం విద్యుత్ ఆఫీసులో రాతపూర్వకంగా అడగాలి. అందులో నెలలోని పెద్ద అరగంటల్ని పైనుంచి ఇరవై వరకు వరసగా పెట్టి చూస్తే కథ తేలిపోతుంది. ఒకే ఒక్క అరగంట 232 ఉండి, తర్వాతది 205 అయితే అది ఏదో ఒకరోజు జరిగిన పొరపాటు. ఇరవై అరగంటలూ 225 పైనే ఉంటే అది షెడ్డు రోజువారీ పని పద్ధతి. మొదటిదానికి ఒక నియమం చాలు. రెండోదానికి పని షెడ్యూలే మార్చాలి.

గ్రానైట్ షెడ్డులో మొదటి రకం ఎక్కువగా కరెంటు పోయి వచ్చినప్పుడు జరుగుతుంది. గంటన్నర పాటు కరెంటు లేదు. నీళ్ల ట్యాంకు తగ్గిపోయింది, కంప్రెసర్ గాలి దిగిపోయింది, స్లర్రీ గుంట నిండింది. కరెంటు రాగానే పోయిన పని పూడ్చుకోవాలనే టెన్షన్‌లో కట్టర్లు రెండూ, పాలిష్ లైనూ, బోరూ, కంప్రెసరూ, స్లర్రీ పంపూ ఒకేసారి మొదలవుతాయి. మామూలు రోజు కంప్రెసర్ గాలి నిండగానే కాసేపు లోడు దించుకుంటుంది. బోరు రోజుకి రెండు మూడు గంటలే తిరుగుతుంది. ఆ రోజు మాత్రం అరగంట పాటు ఎవరూ ఆగరు. తర్వాత నెలంతా జాగ్రత్తగా ఉన్నా ఆ అంకె మీటర్లో అలాగే ఉంటుంది.

అందుకే ఏ మిషన్‌ని పది నిమిషాలు ఆపవచ్చో ముందే కాగితం మీద రాసి మీటర్ రూములో అంటించి పెట్టుకోవాలి. బోరు మోటారు ఆగితే నష్టం లేదు, ట్యాంకులో నీళ్లున్నంత వరకు. స్లర్రీ పంపు కాసేపు ఆగవచ్చు. ఎడ్జ్ కట్టర్ ఆపరేటర్ చేతిలో ఉన్న అంచు పూర్తయ్యాక ఆపుతాడు. కంప్రెసర్‌ని ఆపే ముందు గాలితో పనిచేసే పాలిష్ హెడ్ల ప్రెషర్ చూసుకోవాలి. కోత మధ్యలో ఉన్న బ్లాక్ కట్టర్‌ని మాత్రం డిమాండ్ కోసం ఆపకూడదు, బ్లేడు రాయిలో చిక్కుకుంటుంది. పాలిష్ లైన్ బెల్టు ఆగి హెడ్లు కిందే ఉంటే స్లాబు మీద గుంట పడుతుంది. హెడ్లు పైకి లేపాకే ఆపాలి. ఇక బ్లాకు గాల్లో వేలాడుతున్నప్పుడు క్రేన్‌కి కరెంటు కట్ అయ్యే ఏ ఆటోమేటిక్ ఏర్పాటూ ఉండకూడదు. డిమాండ్ కంట్రోలర్ అమ్మేవాళ్లు అన్ని ఫీడర్లనీ దానికి కలిపేద్దామంటారు. ఈ ఒక్క విషయంలో ఒప్పుకోకూడదు.

కంట్రోలర్ పెట్టకపోయినా, డిమాండ్ చూపించే మల్టీఫంక్షన్ మీటరు ఒకటి ప్యానెల్ మీద ఉంటే ఆపరేటర్‌కి చూపు దొరుకుతుంది. దాని బ్లాకు కాలం విద్యుత్ మీటరు బ్లాకుతో సరిపోవాలి. లోడ్ సర్వే రిపోర్టులో బ్లాకులు ఎన్ని నిమిషాలవో, గడియారం ఏ టైముకి మారుతుందో చూసి సెట్ చేయాలి. ఉదయం పది గంటలకి బ్లాకు మొదలైతే, పదీ పదిహేనుకి అప్పటిదాకా వెళ్లిన యూనిట్లు చూసి, మిగతా పదిహేను నిమిషాలూ ఇలాగే పోతే ఎంతవుతుందో అంచనా వేయవచ్చు. అనుకున్న హద్దు దాటేలా ఉంటే బోరు ఆపితే చాలు. సగటు కాబట్టి బ్లాకు చివర్లో ఆపినా పనిచేస్తుంది. 70 కిలోవాట్ల మిషన్ అరగంటలో పది నిమిషాలే తిరిగితే సగటుకి 23 కిలోవాట్లే కలుస్తుంది.

మన నమూనా యూనిట్లో బోరుని రాత్రికి మార్చి, స్లర్రీ పంపునీ ఎడ్జ్ కట్టర్నీ రెండు కట్టర్లు కలిసి కోస్తున్నప్పుడు ఆపి, కంప్రెసర్ గాలి లీకులు సరిచేస్తే పెద్ద అరగంట 195 నుంచి 170 కిలోవాట్లకి దిగుతుందనుకుందాం. 0.97 దగ్గర అది 175 కేవీఏ. ఇంత చేసి బిల్లు చూస్తే, పవర్ ఫ్యాక్టర్ పని తర్వాత 201 ఉన్న బిల్లింగ్ డిమాండ్ ఇప్పుడు 200. షెడ్యూలంతా మార్చినందుకు మిగిలింది నెలకి 475 రూపాయలు. ఎందుకంటే 250లో 80 శాతం నేల తగిలింది. మిగతా 25 కేవీఏ చేతికి రావాలంటే సీఎండీ తగ్గించమని దరఖాస్తు పెట్టాలి.

ఎంతకి తగ్గించాలన్నదే అసలైన నిర్ణయం. 175కి దగ్గరగా ఉండాలని సీఎండీని 180కి దించేస్తే ఒక్క చెడ్డ అరగంటకి పెంచిన రేటు పడుతుంది. తిరిగి పెంచుకోవాలంటే మళ్లీ డెవలప్‌మెంట్ ఛార్జీలు కట్టాలి. కుదిరే డిమాండ్‌ని 0.8తో భాగిస్తే ఖర్చు లేని సీఎండీ వస్తుంది:

```
175 / 0.8 = 219
```

అంటే 220 పెట్టుకుంటే నేల 176 దగ్గర ఉంటుంది. బిల్లింగ్ డిమాండ్ 176, ఛార్జీ 83,600. పైన కప్పు దాకా 44 కేవీఏ ఖాళీ ఉంది, ఆ ఖాళీకి విడిగా కట్టేది ఏమీ లేదు. సీఎండీ 200 పెట్టినా 175 వచ్చే నెలలో కట్టేది 83,125. పని తక్కువైన నెలల్లో మాత్రమే ఇంకొంచెం తగ్గి 160 దాకా దిగుతుంది. ఏడాదిలో ఎన్ని నెలలు అలా ఖాళీగా పోతాయో పాత బిల్లులు పన్నెండు పక్కపక్కన పెట్టి చూస్తే, 200 మేలో 220 మేలో తెలిసిపోతుంది. వచ్చే ఏడాది మూడో కట్టర్ పెట్టే ఆలోచన ఉన్నవాళ్లు 220 దగ్గరే ఆగడం మంచిది.

వరస తప్పకూడదు. కెపాసిటర్లు ముందు, మిషన్ల సర్దుబాటు తర్వాత, కనీసం మూడు నాలుగు నెలల రికార్డు చూశాక చివరికి సీఎండీ. 232 వస్తున్నప్పుడే 220కి దించేస్తే 12 కేవీఏకి పెంచిన రేటు కట్టాలి. కొత్త కనెక్షన్ అయితే అగ్రిమెంట్ మొదటి కాలం ముగిసిందా, తగ్గింపుకి ఎన్నాళ్ల ముందు నోటీసు ఇవ్వాలి అన్నది అగ్రిమెంట్ కాగితంలోనే ఉంటుంది. దరఖాస్తు రాసే ముందే అది తీసి చదవాలి.

షెడ్డు రేకుల మీద సోలార్ పెట్టిన యూనిట్లకి ఒక మాట. అనంతపురం ఎండకి యూనిట్లు బాగా తగ్గుతాయి, అందులో సందేహం లేదు. డిమాండ్ మాత్రం అలా తగ్గదు. ఒక మబ్బు పట్టిన మధ్యాహ్నమో, ఎండ పోయాక పాలిష్ లైన్ నడిచిన సాయంత్రమో చాలు, పాత అంకె మళ్లీ వచ్చేస్తుంది. పైగా సోలార్ కిలోవాట్లు మాత్రమే ఇస్తుంది, కేవీఏఆర్ అలాగే లైను నుంచి వస్తుంది. మన యూనిట్లో 0.84 దగ్గర 126 కేవీఏఆర్ ఉంది. 60 కిలోవాట్లు సోలార్ నుంచి వస్తే లైను నుంచి 135 కిలోవాట్లు, 126 కేవీఏఆర్. పవర్ ఫ్యాక్టర్ 0.73. సోలార్ పెట్టాక పవర్ ఫ్యాక్టర్ ఎందుకు పడిపోయిందని అడిగేవాళ్లకి జవాబు ఇదే. చచ్చిపోయిన కెపాసిటర్లు అప్పుడు ఇంకా ఎక్కువ ఖరీదు అవుతాయి.

ఒక నెలలో మూడో తారీఖునే మీటరు 232 పట్టేసిందనుకోండి. ఆ నెలకి ఇక డిమాండ్ లైనులో తగ్గేది ఏమీ లేదు. కొత్త మిషన్ ట్రయల్, అన్ని కట్టర్లూ కలిపి నడిపే అర్జెంటు ఆర్డర్ లాంటివి ఏమన్నా ఉంటే, 232 దాటకుండా ఆ నెలలోనే పెట్టుకోవాలి. రీడింగ్ తీసి మీటరు రీసెట్ అయిన మర్నాటి నుంచి మళ్లీ కట్టుదిట్టం మొదలుపెట్టాలి. సీఎండీ తగ్గింపు మంజూరయ్యాక వచ్చే మొదటి బిల్లులో రెండు గళ్లు చూడాలి: కాంట్రాక్ట్ డిమాండ్ దగ్గర 220 పడిందా, బిల్లింగ్ డిమాండ్ దగ్గర 176 పడిందా. మంజూరు ఉత్తర్వు వచ్చినా బిల్లింగ్‌లో పాత 250 అలాగే ఉండిపోతే 200 కేవీఏకే ఛార్జీ పడుతుంది. ఉత్తర్వు కాపీ జతచేసి ఆ వారమే బిల్లు సవరించమని అడగాలి.